లెక్క తేలింది, మరి ఆ 5 లక్షల 40 వేలు ఎవరి ఖాతాలో?

సీఏ ఇంటర్, సీఎంఏ ఇంటర్ కాస్టింగ్ పేపర్లు తిరగేస్తే ఒకే మూసలో ఉండే ప్రశ్న ఒకటి ఏళ్ల తరబడి కనిపిస్తూనే ఉంటుంది. ఒక ఫ్యాక్టరీ ఏడాది మొదట్లో ఓవర్‌హెడ్స్‌కి గంటకింత అని ఒక రేటు కట్టుకుంటుంది. ఏడాది చివర చూసుకుంటే ఆ రేటు ప్రకారం సరకు మీద వేసింది ఒకటి, నిజంగా ఖర్చయింది ఇంకొకటి. తేడా ఎంత? ఆ తేడాను లెక్కల్లో ఏం చేయాలి? మొదటి ప్రశ్నకు జవాబు రెండు లైన్ల పని. ఒక గుణకారం, ఒక తీసివేత. మార్కులు పోయేది రెండోదాని దగ్గరే. అప్పటిదాకా గబగబా లెక్క కట్టుకొచ్చిన కుర్రాళ్లు అక్కడికొచ్చి పెన్ను ఆపేస్తారు.

ఓవర్‌హెడ్స్ అంటే ఏమిటో ముందు ఒక షాపులోకి వెళ్లి చూడాలి. నీటి పంపులకు వాడే ఇనప కేసింగులను మెషీనింగ్ చేసే షాపు అనుకుందాం. ఫౌండ్రీ నుంచి పోతపోసిన కేసింగ్ గరుకుగా వస్తుంది. లోపల బోరింగ్ చేయాలి, మూతి నున్నగా ఫేసింగ్ చేయాలి, బోల్టులకు రంధ్రాలు వేసి మరలు తీయాలి. పోత ఖరీదు ఎంతో బిల్లు మీద ఉంటుంది. మెషీన్ మీద నిలబడ్డవాడి కూలి ఎంతో మస్టర్‌లో ఉంటుంది. ఈ రెండూ ఫలానా కేసింగ్‌కి ఇంత అని వేలు పెట్టి చూపించగలిగినవి. షెడ్డు అద్దె, సూపర్‌వైజర్ జీతం, కటింగ్ ఆయిల్, మెషీన్ల తరుగుదల, కరెంటు బిల్లు అలా కాదు. అవన్నీ షాపు మొత్తానికి పెట్టిన ఖర్చులు. ఏ కేసింగూ నా వాటా ఇంత అని చెప్పదు. కానీ పంపు కంపెనీకి కొటేషన్ ఇచ్చేటప్పుడు ఆ వాటా కలపకపోతే, షాపు ప్రతి ఆర్డరులోనూ తెలియకుండా నష్టపోతుంది.

అసలు ఖర్చు ఎంతయిందో తేలాకే పంచితే సరిపోదా అన్న సందేహం సహజం. సరిపోదు. అసలు ఖర్చు తేలేది మార్చి నెలాఖరుకి. కొటేషన్ మే నెలలో ఇవ్వాలి. పోనీ నెలనెలా పంచుదామంటే మరో చిక్కు ఉంది. సెలవులు ఎక్కువ పడి మెషీన్లు తక్కువ గంటలు తిరిగిన నెలలో కూడా షెడ్డు అద్దె అంతే, సూపర్‌వైజర్ జీతం అంతే. ఆ నెలలో తయారైన కేసింగ్ ఖరీదు పెరిగినట్టు, తర్వాతి నెలలో తగ్గినట్టు కనిపిస్తుంది. కేసింగ్ మాత్రం అదే. అందుకే ఏడాదికి అంచనా ఖర్చును అంచనా గంటలతో భాగించి, ఒక రేటు ముందే ఖాయం చేసుకుంటారు. దీన్నే ఓవర్‌హెడ్ అబ్సార్ప్షన్ రేటు అంటారు. ఆ రేటుతో సరకు మీదికి ఎక్కిన మొత్తం అసలు ఖర్చు కన్నా తక్కువైతే, మిగిలిపోయింది అండర్ అబ్సార్ప్షన్.

ఊళ్లోవాళ్లు తిరుపతికి బస్సు మాట్లాడుకున్నప్పుడు జరిగేదీ ఇలాంటిదే. 30 వేలకు బస్సు, 50 మంది వస్తారని తలకు 600 చెప్పారు. తీరా బయల్దేరింది 45 మంది. వసూలైంది 27 వేలు. మిగతా 3 వేలు పెద్దమనిషిగా నిలబడ్డవాడి నెత్తిన పడతాయి. దారిలో డీజిలు ధర పెరిగిందని డ్రైవరు ఇంకో వెయ్యి అడిగితే లోటు 4 వేలు. ఆ నాలుగు వేలలో ఖాళీ సీట్ల వల్ల వచ్చింది వేరు, డీజిలు వల్ల వచ్చింది వేరు. ఈ తేడా పట్టుకున్నవాడికి పరీక్ష ప్రశ్నలో సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు ప్రశ్నలోకి వద్దాం. పేపర్లలో వచ్చే పద్ధతిలోనే అంకెలు తీసుకుందాం. మన మెషీన్ షాపు ఏడాదికి 48 లక్షల రూపాయల ఓవర్‌హెడ్స్ అవుతాయని, మెషీన్లు మొత్తం 40,000 గంటలు తిరుగుతాయని అంచనా వేసింది. భాగిస్తే గంటకు 120 రూపాయలు. ఏడాది తిరిగేసరికి ఖర్చయింది 50 లక్షల 10 వేలు. మెషీన్లు తిరిగింది 36,000 గంటలు.

సరకు మీద పడిన ఓవర్‌హెడ్ ఎంత? 36,000 గంటలను 120తో గుణిస్తే 43 లక్షల 20 వేలు. ఈ ఒక్క మెట్టు దగ్గరే రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. కొందరు అంచనా గంటలను, అంటే 40,000ను 120తో గుణిస్తారు. అలా చేస్తే వచ్చేది మళ్లీ 48 లక్షలే, బడ్జెట్ తిరిగి బడ్జెట్‌కే వస్తుంది. ఇంకొందరు అసలు ఖర్చును అసలు గంటలతో భాగించి కొత్త రేటు కడతారు. ఆ రేటుతో గుణిస్తే అసలు ఖర్చే వస్తుంది, లోటన్నదే ఉండదు. రేటు ఎప్పుడూ అంచనాల నుంచి రావాలి, గంటలు ఎప్పుడూ అసలువి కావాలి. ఆ రెండూ కలిసినప్పుడే లోటు బయటపడుతుంది.

50.10 లక్షల్లోంచి 43.20 లక్షలు తీసేస్తే 6 లక్షల 90 వేలు. ఇదే జవాబని గీత గీసేయడం తొందరపాటు. ప్రశ్నలో మూడో నాలుగో వాక్యంలో పరీక్షకుడు ఒక ముల్లు పెట్టి ఉంటాడు. అసలు ఖర్చులో కోర్టు తీర్పు ప్రకారం సమ్మె రోజులకు చెల్లించిన జీతాలు 90 వేలు ఉన్నాయనీ, పోయిన ఏడాదికి చెందిన కరెంటు బకాయి 60 వేలు ఈ ఏడాది లెక్కలో పడిందనీ అందులో ఉంటుంది. మెషీన్లు ఆగిపోయిన రోజుల జీతానికీ ఈ ఏడాది తయారైన కేసింగులకూ సంబంధం లేదు. పోయిన ఏడాది వాడిన కరెంటు పోయిన ఏడాది సరకుది. ఈ లక్షా 50 వేలు ఓవర్‌హెడ్స్‌లోంచి తీసి నేరుగా కాస్టింగ్ లాభనష్టాల ఖాతాకు పంపాలి. అప్పుడు మిగిలే అసలు ఖర్చు 48 లక్షల 60 వేలు, నిజమైన అండర్ అబ్సార్ప్షన్ 5 లక్షల 40 వేలు.

ఇక్కడిదాకా చాలామంది వస్తారు. ఇక్కడి నుంచి ప్రశ్న కాస్టింగ్ అవుతుంది.

ప్రశ్నలో ఇంకో వాక్యం ఉంటుంది. విచారించగా లోటులో మూడింట రెండు వంతులు పని ప్లానింగ్ సరిగా లేక మెషీన్లు ఖాళీగా ఉండటం వల్ల, మిగతా మూడో వంతు ఖర్చుల ధరలు పెరగడం వల్ల వచ్చాయని తేలింది అంటుంది. 5.40 లక్షలను అలా విడగొడితే ఖాళీ మెషీన్ల వాటా 3 లక్షల 60 వేలు, ధరల వాటా లక్షా 80 వేలు. ఈ రెండు ముక్కలూ రెండు దారుల్లో వెళ్లాలి.

ఖాళీ మెషీన్ల 3.60 లక్షలు కాస్టింగ్ లాభనష్టాల ఖాతాకు పోతాయి. ప్లానింగ్ చెడితే ఆ తప్పు యాజమాన్యానిది. తయారైన కేసింగ్ తన వంతు రెండు గంటలు మెషీన్ మీద ఉండి, దానికి 240 రూపాయలు మోసింది. పక్క మెషీన్ ఖాళీగా ఉన్నందుకు అదనంగా మోయమంటే న్యాయం కాదు. ధరల వాటా సంగతి అలా కాదు. యూనిట్ కరెంటు ధర పెరిగితే ఆ కేసింగ్ తయారవడానికే ఎక్కువ ఖర్చయింది. రేటు గంటకు 120 అని ముందు వేసుకున్నది తక్కువైంది, అంతే. కాబట్టి ఆ లక్షా 80 వేలను సప్లిమెంటరీ రేటు పేరుతో తిరిగి సరకు మీదే పంచాలి.

ఏ సరకు మీద? దీని దగ్గర కూడా జాగ్రత్త కావాలి. ఏడాదిలో 17,000 కేసింగులు పూర్తయ్యాయి. వాటిలో 14,000 అమ్ముడుపోయాయి, 3,000 గోడౌన్‌లో ఉన్నాయి. ఇంకో 2,000 సగం పనిలో మెషీన్ షాపులోనే ఉన్నాయి. సగం పని అయిన రెండు వేలు పూర్తయిన వెయ్యితో సమానం. వీటినే ఈక్వివలెంట్ యూనిట్లు అంటారు. అంటే పంచాల్సింది 18,000 యూనిట్ల మీద. లక్షా 80 వేలను 18,000తో భాగిస్తే యూనిట్‌కు సరిగ్గా 10 రూపాయలు. అమ్మిన సరకు ఖర్చుకు లక్షా 40 వేలు, గోడౌన్ సరకుకు 30 వేలు, తయారీలో ఉన్నవాటికి 10 వేలు. సగం పనివాటిని పూర్తివిగా లెక్కేసినవాడికి 19,000 వస్తుంది, యూనిట్‌కు 9 రూపాయల 47 పైసల చిల్లర తగులుతుంది. పరీక్ష ప్రశ్నల్లో అంకెలు సాధారణంగా సాఫీగా తెగేలా ఇస్తారు కాబట్టి అలాంటి చిల్లర కనిపిస్తే ఒకసారి వెనక్కి చూసుకోవడం మంచిది.

జవాబు సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి ఇంకా గట్టి ఆనవాలు ఉంది. పంచిన ముక్కలన్నీ కలపాలి. ఖాళీ మెషీన్ల 3.60 లక్షలు, సమ్మె జీతాలూ పాత బకాయీ కలిపి 1.50 లక్షలు, అమ్మిన సరకుకు 1.40 లక్షలు, గోడౌన్‌కు 30 వేలు, తయారీలో ఉన్నవాటికి 10 వేలు. మొత్తం 6 లక్షల 90 వేలు. మొదట్లో తీసివేతలో వచ్చిన అంకె ఇదే. ఒక్క రూపాయి తేడా వచ్చినా ఎక్కడో ఒక ముక్క దారి తప్పిందన్నమాట.

పరీక్షలో మూడింట రెండు, మూడో వంతు అని పరీక్షకుడే చేతికిచ్చాడు. షాపులో ఎవరూ ఇవ్వరు. అక్కడ అకౌంటెంటే తవ్వి తీయాలి. దానికి ఒక్క సమాచారం కావాలి: 48 లక్షల అంచనాలో మెషీన్లు తిరిగినా తిరగకపోయినా అయ్యే స్థిర ఖర్చు ఎంత, గంటలతోపాటు పెరిగే ఖర్చు ఎంత. మన షాపులో స్థిర ఖర్చు 36 లక్షలు, మిగతా 12 లక్షలు గంటలను బట్టి మారేది అనుకుందాం. 40,000 గంటలకు పంచితే 120లో 90 రూపాయలు స్థిరం, 30 రూపాయలు మారేది. మెషీన్లు 4,000 గంటలు తక్కువ తిరిగాయి. గంటకు 90 చొప్పున 3 లక్షల 60 వేల స్థిర ఖర్చుకు మోసే సరకు దొరకలేదు. ఇది ఖాళీ మెషీన్ల వాటా. ఇక 36,000 గంటలకు అవ్వాల్సిన ఖర్చు ఎంత? స్థిరం 36 లక్షలు, మారేది గంటకు 30 చొప్పున 10 లక్షల 80 వేలు, మొత్తం 46 లక్షల 80 వేలు. అయింది 48 లక్షల 60 వేలు. ఎక్కువైన లక్షా 80 వేలే ధరల వాటా. ప్రశ్నలో ఇచ్చిన వంతులు ఊరికే ఊడిపడలేదు, ఇలాంటి లెక్క ఏదో ఒకటి వాటి వెనక ఉండాలి.

ఖాళీ మెషీన్ల ఖర్చును సరకు మీద రుద్దకూడదన్నది ఇవాళ పాఠ్యపుస్తకంలో ఒక వాక్యం. ఒకప్పుడు దాని మీద పెద్ద వాదమే నడిచింది. ఇంగ్లాండుకు చెందిన ఇంజినీరు అలెగ్జాండర్ హామిల్టన్ చర్చ్ 1901లో ఇంజినీరింగ్ మ్యాగజీన్ అనే పత్రికలో వరస వ్యాసాలు రాసి మెషీన్ గంటల రేటుకు ఒక పద్ధతి ఏర్పరిచాడు. ఖాళీ గంటల వల్ల మిగిలిపోయినదాన్ని సప్లిమెంటరీ రేటుతో తిరిగి పనుల మీదే వేయమన్నది ఆయన సూచన. 1915లో హెన్రీ గాంట్ అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘానికి ఇచ్చిన పత్రంలో దీనికి ఎదురు తిరిగాడు. ప్రాజెక్టు పనుల్లో అందరూ వాడే గాంట్ చార్టు ఈయన పేరు మీదే ఉంది. వస్తువు ఖర్చులో దాన్ని తయారు చేయడానికి అవసరమైన యంత్రాల ఖర్చే ఉండాలి, ఖాళీగా పడున్న యంత్రాల ఖర్చు లాభంలోంచి పోవాలి అన్నది ఆయన వాదం. గాంట్ భయపడింది దేనికో మన షాపు అంకెలే చెబుతాయి. 50 లక్షల 10 వేలను 36,000 గంటల మీద పంచేస్తే గంట రేటు 139 రూపాయలు దాటుతుంది. ఆర్డర్లు తగ్గినందుకు కొటేషన్ పెరుగుతుంది. కొటేషన్ పెరిగినందుకు ఆర్డర్లు ఇంకా తగ్గుతాయి. మళ్లీ రేటు పెరుగుతుంది.

ఈ వాదంలో గెలిచింది గాంటే అని చెప్పొచ్చు. మన దేశంలో కంపెనీలు స్టాకు విలువ కట్టడానికి పాటించే ఏఎస్ 2, ఇండ్ ఏఎస్ 2 ప్రమాణాలు రెండూ స్థిర తయారీ ఖర్చును మామూలు సామర్థ్యం మీద ఆధారపడి పంచమంటాయి. ఉత్పత్తి పడిపోయిందనో ప్లాంటు ఖాళీగా ఉందనో యూనిట్‌కు పడే వాటా పెంచకూడదు, మిగిలింది ఆ ఏడాదే ఖర్చుగా రాయాలి. 2020 లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీలు మూతపడినప్పుడు ఇది ఒక్కసారిగా అందరికీ అవసరమైంది. అద్దెలు, జీతాలు, తరుగుదల ఆగలేదు, సరకు మాత్రం లేదు. ఆ వారాల స్థిర ఖర్చును తర్వాత తయారైన సరకు మీదికి నెట్టే వీలు ఈ ప్రమాణాల్లో లేదు.

లోటు కనిపించిన ప్రతిసారీ కంగారు పడాల్సిన పనీ లేదు. చక్కెర మిల్లును చూడండి. చెరకు గానుగ ఆడేది ఏడాదిలో కొన్ని నెలలే. గానుగ ఆడని నెలల్లో లోటు, ఆడే నెలల్లో మిగులు వస్తూ ఉంటాయి. రేటు కట్టింది ఏడాది మొత్తానికి కాబట్టి మధ్యలో కనిపించే లోటును ముందుకు తీసుకుపోతారు, ఏడాది చివర మిగిలినదాన్నే తేలుస్తారు.

లోటు లేదని సంతోషించాల్సిన పని కూడా ఒక్కోసారి ఉండదు. మన షాపు మేనేజరు ఆ 4,000 గంటల ఖాళీ చూపించడం ఇష్టం లేక, ఆర్డరు లేకపోయినా మెషీన్లు తిప్పాడనుకుందాం. కేసింగ్‌కు రెండు గంటల చొప్పున ఇంకో 2,000 కేసింగులు తయారై గోడౌన్ చేరతాయి. ఖాళీ మెషీన్ల 3.60 లక్షల స్థిర ఖర్చు ఇప్పుడు లాభనష్టాల ఖాతాలో కనిపించదు, గోడౌన్ స్టాకు విలువలో చేరిపోతుంది. ఒక్క కేసింగ్ కూడా అదనంగా అమ్మకుండానే లాభం 3 లక్షల 60 వేలు పెరుగుతుంది. పైగా పోతలకూ కటింగ్ ఆయిల్‌కూ కరెంటుకూ కొత్తగా డబ్బు ఖర్చయింది. అండర్ అబ్సార్ప్షన్ తగ్గిందని చెప్పే నివేదిక పక్కన స్టాకు ఎంత పెరిగిందో చూడకుండా నమ్మకూడదు.

ఇక అన్నిటికన్నా లోతైన చిక్కు పరీక్షలో అడగనిది. ఆ 40,000 గంటలు ఎక్కడివి? ఏడాది మొదట్లోనే ఎవరైనా జాగ్రత్తపరుడు 36,000 అని రాసి ఉంటే స్థిర ఖర్చు గంటకు 100, మారేది 30, రేటు 130 అయ్యేది. అదే షాపు, అవే మెషీన్లు, అదే ఖర్చు. సరకు మీద 46 లక్షల 80 వేలు పడేది. ఖాళీ మెషీన్ల నష్టం సున్నా, లోటు మొత్తం ధరల లక్షా 80 వేలే. ప్లానింగ్ చెడిన సంగతి ఎవరికీ తెలిసేది కాదు. 3.60 లక్షలు కేసింగ్ రేటులోకి జారి కొటేషన్‌లో కలిసిపోయేవి.

అందుకే ప్రమాణాలు మామూలు సామర్థ్యం అన్నమాట దగ్గర ఆగి దాన్ని వివరిస్తాయి. మెషీన్లు పూర్తిగా తిరిగితే ఎంత అన్నది కాదు, పోయిన ఏడాది ఎంత తిరిగాయన్నది ఒక్కటే కూడా కాదు. మామూలు పరిస్థితుల్లో, కొన్నేళ్ల సగటున, ప్లాను ప్రకారం చేసే మరమ్మతులకు పోయే గంటలు తీసేశాక ఎంత ఉత్పత్తి వస్తుందని ఆశించవచ్చో అది. మన షాపులో 20 మెషీన్లు, రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 పనిదినాలు అనుకుంటే 48,000 గంటలు. మరమ్మతులకు, టూలు మార్చి జాబు బిగించుకునే సెటప్‌కు, ఆర్డర్ల మామూలు ఎగుడుదిగుళ్లకు 8,000 తీసేస్తే 40,000. ఆ 8,000ను ఎలా లెక్కించారో మెషీన్‌వారీగా లాగ్‌బుక్కులు చూపించగలిగిన షాపులో రేటు 120 నిలుస్తుంది. చూపించలేని షాపులో ఆడిటరు మొదట అడిగేది ఆ లాగ్‌బుక్కులే.